తేజానా, చపాటానా? అడగని చాట్‌బాట్‌కు పెట్టిన పరీక్ష

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు చెప్పే చిన్న చాట్‌బాట్ ఒకటి తయారుచేశాను. మా బాబాయి "ఇవాళ మిర్చి ఎంత?" అని కొడితే, ఏ రకమో అడక్కుండా తేజ ధర చెప్పేసింది. ఆయన చేలో ఉన్నది చపాటా.

ప్రాంప్ట్‌లో "తెలియకపోతే అడుగు" అని చేర్చాను. పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి 10 పూర్తి ప్రశ్నలు రాసి, ఒక్కోదాంట్లో ఒక్క వివరమే తీసేసి జత కట్టాను. రెండు తీసేస్తే దేన్ని గమనించలేదో తెలియదు.

```
పూర్తి: ఇవాళ ఏసీ తేజ మిర్చి క్వింటాల్ ఎంత?
రకం లేదు: ఇవాళ ఏసీ మిర్చి క్వింటాల్ ఎంత?
```

ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ సరుకు.

అసంపూర్తి ప్రశ్నల్లో 9 సార్లు ఎదురు అడిగింది. సంబరపడ్డాను. తీరా చూస్తే పూర్తి ప్రశ్నల్లోనూ 6 సార్లు అడిగింది! "ఏసీ తేజ" అని స్పష్టంగా రాసినా ఏ రకమంటుంది. పూర్తివి పక్కన పెట్టకపోతే ఇది బయటపడేదే కాదు. అప్పుడు ఆ వాక్యం తీసేసి, "రకం, కొత్తదా ఏసీదా: ఈ రెంటిలో చెప్పనిదాన్నే అడుగు, ముందు మెసేజ్‌లో చెప్పి ఉంటే అడగొద్దు" అని రాశాను.

మార్కులు వేయడంలోనూ మొదట పొరబడ్డాను. జవాబులో ప్రశ్న గుర్తు ఉంటే పాస్ అనుకున్నా. అది తేజ ధర చెప్పేసి, చివర్లో ఇంకేమైనా కావాలా అని అడిగినా పాసైపోయింది. ఇప్పుడు లేని వివరాన్నే, ధర చెప్పకముందే అడిగిందా అని చేత్తో చూస్తున్నాను. జవాబు ప్రతిసారీ ఒకేలా రాదు కాబట్టి ఒక్కో ప్రశ్నను 5 సార్లు నడుపుతున్నాను.