నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతే: ఏడో నెలలో అడుగుపెట్టేవారికి జాగ్రత్తలు

ఆరో నెల నిండిన గర్భిణి పరీక్షకు వచ్చిన ప్రతిసారీ నేను రెండు వస్తువులు ఇంట్లో సిద్ధంగా పెట్టుకోమని చెబుతాను. ఒకటి ఉతికి ఎండలో ఆరేసిన తెల్లటి నూలు గుడ్డలు, లేదంటే పూల డిజైను లేని తెల్ల ప్యాడ్లు. రెండోది థర్మామీటరు. మందుల సంచీ కన్నా ముందు ఇవెందుకని చాలామంది అడుగుతారు. జిల్లా ఆసుపత్రి ప్రసూతి విభాగంలో ఇన్నేళ్లు పనిచేశాక నాకు అర్థమైనది ఇది. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన కేసుల్లో మొదటి తప్పు ఇంట్లోనే, తడిని మూత్రం అనుకోవడం దగ్గరే జరుగుతుంది.

37 వారాలు నిండకముందే, నొప్పులు కూడా మొదలవకముందే, బిడ్డ చుట్టూ ఉండే సంచి చిరిగి నీరు బయటకు రావడం గురించి నేను మాట్లాడుతున్నాను. కొందరికి ఒక్కసారిగా చీర తడిసిపోతుంది, అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. చిక్కంతా కొంచెం కొంచెంగా కారినప్పుడే. నెలలు పెరిగేకొద్దీ దగ్గినా తుమ్మినా రెండు చుక్కల మూత్రం పడటం మామూలే, తెల్లబట్ట కూడా ఎక్కువవుతుంది. తేడా తెలుసుకోవడానికి ఇలా చేయండి. మూత్రానికి వెళ్లి వచ్చి, శుభ్రమైన తెల్ల గుడ్డ పెట్టుకుని అరగంట పడుకోండి. లేచి నిలబడగానే వెచ్చటి నీరు జారితే, ఆపుకోవాలని బిగించినా ఆగకపోతే, గుడ్డకు మూత్రం వాసన లేకపోతే అది ఉమ్మనీరే అనుకుని బయలుదేరండి. ఆ గుడ్డ పారేయకండి, కవరులో వేసి తీసుకురండి. మొదటి తడి కనబడిన సమయం కాగితం మీద రాసుకోండి. నీరు ఆకుపచ్చగానో ఎర్రగానో ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, బయట బొడ్డుతాడులాంటిది తగిలినా అరగంట పరీక్ష కూడా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. తాడు జారినట్లు అనిపిస్తే బండి వచ్చేదాకా మోకాళ్ల మీద ఒంగి, తల కిందికి, నడుము పైకి ఉండేలా పెట్టాలి.

ఒక తల్లి కేసు చెబుతాను. రెండో కాన్పు, 30 వారాల 2 రోజులు. శనివారం రాత్రి నుంచి తడి తగులుతోందట. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వచ్చింది. కవరులో మూడు గుడ్డలు తెచ్చింది, వాటి మీద తేదీ, సమయం పెన్నుతో రాసి ఉన్నాయి. ఆశా కార్యకర్త నేర్పిందని చెప్పింది. ఆ రాతతోనే నీరు పోయి ఎన్ని గంటలైందో మాకు కచ్చితంగా తెలిసింది.

ఇక్కడ ఆసుపత్రిలో పనిచేసేవారికీ, పంపేవారికీ ఒక మాట. నొప్పులు లేనప్పుడు చెయ్యి పెట్టి చూడకండి. గర్భద్వారం ఎంత తెరుచుకుందో తెలుసుకోవాలన్న ఆత్రంలో చేసే ఆ ఒక్క పరీక్ష కింది సూక్ష్మజీవులను పైకి నెడుతుంది, కాన్పు ఆగే రోజులను తగ్గిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి, ఏరియా ఆసుపత్రిలో ఒకసారి, మా దగ్గర ఒకసారి అంటూ ముగ్గురు చూశాక వచ్చే కేసులు నన్ను ఇప్పటికీ బాధిస్తాయి. గర్భిణి కూడా అడగవచ్చు: ‘నాకు నొప్పులు లేవు డాక్టర్ గారూ, పరికరంతో చూస్తారా?’ అని. అది మర్యాద తప్పడం కాదు.

యోనిని తెరిచి చూసే పరికరం స్పెక్యులమ్. శుభ్రపరచిన స్పెక్యులమ్‌తో చూస్తే యోని వెనుక భాగంలో నీరు మడుగులా నిలిచి ఉండాలి, లేదా దగ్గమన్నప్పుడు గర్భద్వారం నుంచి నీరు చిమ్మడం కనబడాలి. కళ్లకు అలా కనబడితే వేరే పరీక్ష అక్కరలేదు. గుడ్డలు తెచ్చిన ఆ తల్లికి మొదటిసారి చూస్తే ఏమీ లేదు. ఆటోలో కూర్చుని వచ్చింది కదా, ఉన్నదంతా దారిలోనే కారిపోయి ఉంటుంది. నైట్రజిన్ కాగితం పెడితే పసుపు నుంచి నీలానికి మారింది. కానీ ఆ కాగితం చెప్పేది ఒక్కటే, అక్కడి తడిలో ఆమ్లగుణం తగ్గిందని. ఉమ్మనీటికి మారినట్లే రక్తానికీ, వీర్యానికీ, కొన్ని ఇన్ఫెక్షన్లకూ నీలం రంగే వస్తుంది. ఆమెకు రెండు చుక్కల రక్తం కూడా ఉంది కాబట్టి ఆ నీలాన్ని నమ్మలేదు.

అరగంట వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ చూశాం. దగ్గమనగానే సన్నటి ధార వచ్చింది. ఆ నీటి చుక్కను గాజు పలక మీద పరిచి పది నిమిషాలు ఆరనిచ్చి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఫెర్న్ మొక్క ఆకుల్లా కొమ్మలు కొమ్మలుగా ఉప్పు స్ఫటికాలు కనబడ్డాయి. ఇక అనుమానం లేదు. మరింత ఖర్చయ్యే ప్రొటీన్ పరీక్షల స్ట్రిప్పులు కూడా ఉన్నాయి, మడుగు కనబడక అనుమానం తేలనప్పుడు అవి బాగా పనికొస్తాయి. స్కానులో నీరు తక్కువ ఉందని వచ్చినంత మాత్రాన సంచి చిరిగినట్లు కాదు, బిడ్డ ఎదుగుదల లోపంలోనూ నీరు తగ్గుతుంది. నీరు సరిపడా ఉన్నంత మాత్రాన చిరగలేదనీ కాదు. రోగం లేకుండా రోగమని రాస్తే తల్లి రోజుల తరబడి ఆసుపత్రిలో బందీ అవుతుంది, ఉన్నదాన్ని లేదంటే ఇంట్లో ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. అందుకే ఈ అరగంట ఓపిక.

నిర్ధారణ అయ్యాక వరండాలో ఆమె అత్తగారు నన్ను ఆపారు. ‘అమ్మా, ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారు. ఎనిమిది పడకముందే ఆపరేషన్ చేసి తీసేయండి.’ ఈ మాట మన ఊళ్లలో ఎంత బలంగా ఉందో తెలుసు కాబట్టి ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. ఇది పూర్తిగా తలకిందుల లెక్క. ఊపిరితిత్తులు, పాలు మింగే శక్తి, మెదడులోని సున్నితమైన రక్తనాళాలు వారం వారం గట్టిపడతాయి. 32వ వారం బిడ్డ 30వ వారం బిడ్డ కన్నా, 34వ వారం బిడ్డ 32వ వారం బిడ్డ కన్నా బాగా నిలదొక్కుకుంటారు. ఇన్ఫెక్షన్ సోకనంతవరకు కడుపే బిడ్డకు మంచి చోటు. సోకిందంటే అదే కడుపు ప్రమాదకరం అవుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడు దాటామో కనిపెట్టడమే మా పని.

34 వారాల లోపు, ఇన్ఫెక్షన్, మాయ విడిపోవడం, బిడ్డకు ఇబ్బంది లేకపోతే ఆగుతాం. ఆగడం అంటే ఊరికే పడుకోబెట్టడం కాదు. ఆమెకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇచ్చాం, బిడ్డ ఊపిరితిత్తుల కోసం. ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, పది రోజులకు మొదలుపెట్టాం. ఆంపిసిలిన్‌తో మొదలుపెట్టే ఏడు రోజుల పద్ధతి పాటించే ఆసుపత్రులూ ఉన్నాయి, అదీ సరైనదే. కానీ అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మాత్ర మాత్రం వద్దు. నెలలు నిండని బిడ్డ పేగు కుళ్లే జబ్బు దానితో ఎక్కువైందని 2001లో వెలువడిన పెద్ద పరిశోధనలో తేలింది. మందుల షాపులో దగ్గుకూ జలుబుకూ ఇచ్చే మాత్ర అదే కాబట్టి ఇంట్లో ఎవరూ సొంతంగా వేయకండి.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు నాలుగు గంటలకొకసారి జ్వరం, నాడి, బిడ్డ గుండె కొట్టుకునే వేగం చూసి రాయాలి. ఎవరైనా రాయకపోతే తల్లి పక్కన ఉన్నవారు అడగండి. 100.4 డిగ్రీల జ్వరం, తల్లి నాడి 100 దాటడం, బిడ్డ గుండె 160 దాటడం, పొట్ట నొక్కితే నొప్పి, నీటికి చెడు వాసన, ఇవి ఇన్ఫెక్షన్ గుర్తులు. అన్నీ వచ్చేదాకా ఎదురుచూడకూడదు. వాసన చివరగా వస్తుంది, జ్వరం కూడా ఆలస్యం కావచ్చు. తెల్లకణాల పరీక్షను ఒంటరిగా నమ్మకండి. స్టెరాయిడ్ ఇచ్చిన మరుసటి రోజు ఆమెకు 16 వేలు వచ్చింది, కంగారు పడలేదు, ఆ మందే కణాలను పెంచుతుంది. మూడు రోజుల తర్వాత అది దిగింది.

తొమ్మిదో రోజు సాయంత్రం నర్సు పిలిచింది. ఉదయం 84 ఉన్న నాడి 104 అయింది. జ్వరం చూస్తే 99.8 మాత్రమే. ఎందుకో అనుమానం వచ్చి అడిగితే తలనొప్పిగా ఉందని మధ్యాహ్నం పారాసిటమాల్ వేసుకున్నానంది, దిండు కింద నుంచి స్ట్రిప్ తీసి చూపించింది. ఆ మాత్ర జ్వరాన్ని కప్పేసింది. గంటలో నాడి 112, బిడ్డ గుండె 172, పొట్ట కింది భాగం నొక్కితే ముఖం చిట్లించింది. 31 వారాల 4 రోజులు. ఇక ఆగడంలో అర్థం లేదు. ఆంపిసిలిన్, జెంటమైసిన్ నరంలోకి మొదలుపెట్టి, బిడ్డ మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు ఇచ్చి, నొప్పులు తెప్పించాం. ఇన్ఫెక్షన్ ఉందన్న ఒక్క కారణంతో కోత అక్కరలేదు. తెల్లవారుజామున మామూలు కాన్పు అయింది. కిలోన్నర బిడ్డ, నాలుగు రోజులు గాలి ఒత్తిడి సాయం పట్టింది, తర్వాత తల్లి గుండెలకు హత్తుకుని పాలు తాగింది. మొదటి రోజే తీసి ఉంటే ఆ నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ పూర్తి కాకుండానే పుట్టేది. మందులున్నాయన్న ధీమాతో ఆ సాయంత్రం ఇంకో రోజు ఆగి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ ప్రమాదంలో పడేవారు.

అందుకే జ్వరం మాత్ర, నొప్పి మాత్ర నర్సుకు చెప్పకుండా వేసుకోకండి. కలయిక వద్దు, టబ్బులో కూర్చోవడం వద్దు, లోపల పెట్టుకునే ప్యాడ్లు వద్దు. మరుగుదొడ్డికి లేచి వెళ్లండి, కదలకుండా పడి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఉంది. నీరు ఆగిపోయినట్లుంది కదా, ఇంటికి పంపండి అని అడిగేవారు ఎక్కువ. సంచి తిరిగి అతుక్కోవడం అరుదు, ఇల్లు దూరమైతే అసలే వద్దు.

34 నుంచి 37 వారాల మధ్య లెక్క కొంచెం మారుతుంది. 2016లో 11 దేశాల్లో 1,800 మందికి పైగా తల్లులతో జరిగిన పరిశోధనలో, వెంటనే కాన్పు చేసినా, ఆగినా బిడ్డకు సెప్సిస్, అంటే ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్, పెద్దగా తేడా లేకుండా 2, 3 శాతంగానే ఉంది. ఊపిరి ఇబ్బంది మాత్రం వెంటనే చేసినవారిలో 8 శాతం, ఆగినవారిలో 5 శాతం. కోతలు కూడా వెంటనే చేసినవారిలోనే ఎక్కువ. ఆగినవారిలో తల్లికి రక్తస్రావం, జ్వరం కొంత ఎక్కువ. కాబట్టి 35 వారాల తల్లికి రెండు దారులూ చెప్పి, ఆమె ఇష్టం, దగ్గరలో శిశు వార్డు ఉందా లేదా చూసి నిర్ణయించాలి. నాలుగు గంటలకొకసారి చూసే మనుషులు లేని చోట మాత్రం నేను ఆగమని చెప్పను.

24 వారాలలోపు నీరు పోతే కథ మరింత బాధాకరం. బిడ్డ నిలిచే అవకాశం తక్కువ, తల్లికి ప్రమాదం ఎక్కువ. 2012 అక్టోబరులో ఐర్లాండ్‌లోని గాల్వేలో సవితా హలప్పనవర్ అనే భారతీయ దంతవైద్యురాలు 17వ వారంలో ఉమ్మనీరు పోయాక, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందన్న కారణంతో గర్భం తీయకపోవడంతో, సెప్సిస్‌తో చనిపోయారు. ఆమె నాడి, జ్వరం తగినన్నిసార్లు చూడలేదని విచారణల్లో బయటపడింది. మన చట్టంలో తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే గర్భం తీయడానికి వారాల పరిమితి లేదు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి కుటుంబానికీ డాక్టరుకీ తడబాటు ఉండదు.

ఒకసారి ఇలా జరిగినవారికి మళ్లీ జరిగే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఏ వారంలో నీరు పోయింది, ఏ సూక్ష్మజీవి దొరికింది, ఏ రోజు కాన్పు అయింది అన్నవి రాయించుకుని, తల్లీబిడ్డల కార్డుతో కలిపి దాచండి. తర్వాతి గర్భంలో మూడో నెల లోపే చూపిస్తే మూత్రపరీక్ష చేసి, 16 నుంచి 24 వారాల మధ్య గర్భద్వారం పొడవు స్కానులో కొలుస్తాం. మొన్న ఆ తల్లి మూడో గర్భంతో వచ్చింది, సంచీలోంచి మొదట తీసింది ఆ కాగితమే.