ట్యూషన్ సెంటర్‌కి అడ్మిషన్ల రీల్ స్క్రిప్ట్ ఎలా రాయాలి? పిల్లాడికి కాదు, వాళ్లమ్మకి

పోయినేడు కావలిలో ఒక సెంటర్‌కి రీల్ రాసిచ్చాను. డ్రోన్ షాట్, బీట్ పాట, పిల్లల కేకలు, అన్నీ పెట్టాం. లైకులు బాగానే పడ్డాయి, కామెంట్లన్నీ "సార్ సూపర్" అని పాత స్టూడెంట్లవే. ఫోన్లు మాత్రం రాలేదు. ఫీజు కట్టేది వాళ్లు కాదు కదా!

అందుకే ముందు స్క్రిప్ట్ జోలికి పోవద్దు. రెండు రోజులు అడ్మిషన్ టేబుల్ పక్కన కూర్చుని, వచ్చిన తల్లిదండ్రులు ఏమంటున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లాడి తల్లి ఒకామె నాతో అన్నది ఇదీ: "మావోడు రోజూ ట్యూషన్‌కి పోతానే ఉండాడు సార్, లెక్కలు వచ్చినాయో లేదో నేనెట్ట కనుక్కునేది? నేను చదివింది ఐదే."

ఒక రీల్‌కి ఈ ఒక్క దిగులు చాలు. ఏసీ, ఆటో, ర్యాంకులు కూడా ఇందులోనే కుక్కితే ఏదీ గుర్తుండదు.

తర్వాత, ఆ దిగులుకి సెంటర్ నిజంగా ఏం చేస్తోందో సార్‌ని అడగండి. ఏమీ చేయకపోతే ముందు అది మొదలుపెట్టించి, రీల్ సంగతి ఆ తర్వాత చూడండి. ఈ సెంటర్లో శనివారం పరీక్ష ఉంది కాబట్టి ఇలా రాశాం:

మొదటి మూడు సెకన్లు, దిద్దిన పేపర్ దగ్గరగా, 20కి 11: "అమ్మా, మీవాడికి లెక్కలు వచ్చాయో లేదో మీకెలా తెలుస్తుంది?"

తర్వాత, పేపర్ మీద వేలు పెట్టి చూపిస్తూ: "ప్రతి శనివారం పరీక్ష పెట్టి, పేపర్ ఇంటికి పంపిస్తాం. ఎర్ర సున్నా చుట్టింది తప్పు లెక్క. దాని పక్కనే మీవాడు మళ్లీ చేసిన లెక్క ఉండాలి. లేకపోతే నాకు ఫోన్ చేయండి."

చివర్లో సార్ ముఖం: "ఒక వారం పంపించి చూడండి. ఆ పేపర్ చూశాకే ఫీజు మాట."

నిదానంగా చదివినా అరనిమిషంలో అయిపోతుంది. సార్ 19 వచ్చిన పేపర్ చూపిద్దామని పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. 19 చూస్తే ఎవరి పిల్లాడో అనుకుంటారు, 11 చూస్తే మనవాడే అనుకుంటారు. పేపర్ మీద పిల్లాడి పేరు మాత్రం కనపడకుండా మూసేయండి.

రాత్రి పిల్లలు పడుకున్నాక సౌండ్ తగ్గించి చూస్తారు కాబట్టి ప్రతి మాటా తెలుగులో పెద్ద అక్షరాలతో తెర మధ్యలో పడాలి, కిందా కుడివైపూ పెడితే అకౌంట్ పేరు, లైక్ బటన్లు కప్పేస్తాయి. "టెన్త్ పోతే జీవితం పోయినట్టే" లాంటి బెదిరింపులు వద్దు, ఆ టెన్షన్ ఇంటికెళ్లి పిల్లాడి వీపు మీదే పడుతుంది.

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా నడపండి. ఫోన్ చేసినవాళ్లు మొదట ఏం అడిగారో రాసుకోండి. "ఫీజెంత?" అనే మొదలవుతుంటే స్క్రిప్ట్ తగల్లేదు, "ఆ శనివారం పేపర్ అన్నారే..." అంటే తగిలింది.