ముందు పెసరట్టు ధర పెంచి చూడండి

టిఫిన్ సెంటర్‌లో ధరలు పెంచాలంటే బోర్డంతా ఒకేసారి మార్చకండి. ముందు పెసరట్టు ఒక్కటే 50 నుంచి 55 చేయండి. ఇడ్లీ జోలికి వద్దు, పక్క బండితో అందరూ పోల్చేది దాన్నే.

ప్లేటుకు సరుకు ఖర్చు 30 అనుకుంటే మిగిలేది 20 నుంచి 25కు పెరుగుతుంది. అంటే రోజుకు 100 ప్లేట్లు అమ్ముడయ్యేచోట 80 అమ్మినా పాత లాభమే.

పెంచకముందు రెండు వారాలు, పెంచాక రెండు వారాలు లెక్క రాయండి. సోమవారాన్ని సోమవారంతోనే పోల్చండి. పండగలు, జోరువాన రోజులు తీసేయండి. గొణుగుడు పట్టించుకోకండి, గొణిగేవాళ్లు చాలామంది మళ్లీ వస్తారు. పెసరట్టు తగ్గి దోసె పెరిగితే జనం పోలేదన్నమాట. మొత్తం బిల్లుల సంఖ్యే తగ్గితే మాత్రం మిగతా ధరలు కదపకండి.