డబ్బు కట్టి తీసుకున్న క్లిప్‌కూ అభ్యంతరమా? స్టాక్ వీడియో లైసెన్సులు: సమస్య - పరిష్కారం

ముందే తీసి, ఎవరైనా లైసెన్సు తీసుకుని వాడుకునేలా సైట్లలో పెట్టే స్టాక్ క్లిప్‌ల మీద వచ్చే తగవుల్లో చాలా వాటికి దొంగతనం కారణం కాదు. క్లిప్‌కు డబ్బు కట్టి ఉంటారు, రసీదూ ఉంటుంది. చిక్కంతా రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా చూడటంలో ఉంది. 'రాయల్టీ ఫ్రీ' అన్న మాట డబ్బు కట్టే పద్ధతి గురించి మాత్రమే చెబుతుంది: ఒకసారి కడితే చాలు, వాడిన ప్రతిసారీ కట్టనక్కర్లేదు. అంతేగాని క్లిప్ ఉచితమని గానీ, దాని మీద కాపీరైట్ లేదని గానీ కాదు. 'రైట్స్ మేనేజ్డ్' క్లిప్‌కు ఏ మాధ్యమంలో, ఏ ప్రాంతంలో, ఎంతకాలం వాడతారన్న దాన్ని బట్టి ధర కడతారు. ఇక ఆ క్లిప్‌ను ఏ పనికి వాడవచ్చన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు కమర్షియల్, ఎడిటోరియల్ అన్న విభజనలో ఉంటుంది: కమర్షియల్ అంటే ప్రకటనల్లాంటి అమ్మకపు పనులకు, ఎడిటోరియల్ అంటే వార్తలు, డాక్యుమెంటరీల్లాంటి సమాచార పనులకు. రాయల్టీ ఫ్రీ క్లిప్ ఎడిటోరియల్ కూడా కావచ్చు. ఇది తెలియకే ఎక్కువమంది ఇరుక్కుంటారు.

సమస్య: వీడియో పూర్తయ్యాక స్పాన్సర్ 'మోడల్ రిలీజ్' చూపించమన్నారు

పరుగు వల్ల ఆరోగ్యానికి కలిగే మేలు గురించి మీరు పది నిమిషాల డాక్యుమెంటరీ తీశారనుకుందాం. అందులో ఒక మారథాన్ క్లిప్ ఉంది. వేలమంది పరుగెత్తుతున్నారు, ఛాతీ మీద నంబర్ పట్టీలు, వాటి మీద కంపెనీల గుర్తులు. దాన్ని ఒక స్టాక్ సైట్‌లో రాయల్టీ ఫ్రీ లైసెన్సు కిందే కొన్నారు. డాక్యుమెంటరీకి ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఒక బూట్ల కంపెనీ ఆ డాక్యుమెంటరీలోంచి ముప్పై సెకన్ల ముక్కను తన ప్రకటనగా వాడుకుంటానంది. కంపెనీ న్యాయ విభాగం మాత్రం ఆ క్లిప్ దగ్గర ఆగిపోయింది.

కారణం క్లిప్ పేజీలోనే ఉంటుంది: `Editorial use only`. ఆ పరుగెత్తేవారిలో ఎవరూ తమ ముఖాన్ని ప్రకటనలో వాడుకోవచ్చని సంతకం చేయలేదు. అలా సంతకం చేసిన పత్రమే మోడల్ రిలీజ్. గుర్తుపట్టగలిగే ప్రైవేటు ఆస్తి కనిపిస్తే దాని యజమాని ఇచ్చేది ప్రాపర్టీ రిలీజ్. కంపెనీల గుర్తులకు ట్రేడ్‌మార్క్ రక్షణ ఉంటుంది. కెమెరా పట్టినవారికి దృశ్యం మీద కాపీరైట్ ఉంది కాబట్టి దాన్ని మీకు ఇవ్వగలిగారు. మనుషుల అనుమతి ఆయన దగ్గరా లేదు, ఇక మీకెలా ఇస్తారు?

ముఖాలను మసకబరిస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సాధారణంగా సరిపోదు. ఎడిటోరియల్ లైసెన్సు ప్రకటనల వాడకాన్నే నిషేధిస్తుంది. మీరు దృశ్యాన్ని ఎంత మార్చినా లైసెన్సు మారదు. పరిష్కారాలు రెండే. మొదటిది, అదే సైట్‌లో ఎడిటోరియల్ క్లిప్‌లు రాకుండా ఫిల్టర్ పెట్టి, మోడల్ రిలీజ్ ఉన్నట్టు పేజీలో రాసిన క్లిప్‌తో దాన్ని మార్చడం. నటులతో తీసిన పరుగు పందెం కాస్త కృత్రిమంగా కనిపించవచ్చు, అయినా ప్రకటనకు అదే క్షేమం. రెండోది, అనుమతులు సంపాదించి పెట్టే విభాగం ఉన్న పెద్ద సంస్థలను అడగడం. ఇది ఖరీదైన దారి, సమయమూ పడుతుంది. జనసమూహం ఉన్న క్లిప్‌కైతే దాదాపు అసాధ్యం.

మరి మీ డాక్యుమెంటరీకి ముందు ప్రకటనలు వచ్చి ఆదాయం అందితే అది కమర్షియల్ వాడకమా? మామూలుగా కాదు. వార్తాపత్రికలూ ప్రకటనల మీదే బతుకుతాయి, అయినా వాటిలో ఫొటోలు ఎడిటోరియలే. చూడాల్సింది మీకు డబ్బు వస్తుందా అని కాదు, ఆ దృశ్యం ఒక వస్తువునో సేవనో అమ్మిపెట్టడానికి పనిచేస్తోందా అని. అదే డాక్యుమెంటరీ మధ్యలో 'ఈ భాగాన్ని సమర్పిస్తున్నవారు' అంటూ వచ్చే నిమిషంలో మారథాన్ క్లిప్ పెడితే హద్దు దాటినట్టే.

తీసినవారే కొన్ని షరతులతో అందరికీ ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో మాత్రం ఈ లెక్క చెల్లదు. `NC` గుర్తున్న క్లిప్‌ను ప్రధానంగా వ్యాపార లాభం కోసమో, డబ్బు కోసమో ఉద్దేశించిన పనికి వాడకూడదు. కాబట్టి ప్రకటనల ఆదాయం వచ్చే ఛానెల్‌లో దాన్ని పెట్టడం సాహసమే. నా సలహా: ఆదాయం ఉంటే `NC` జోలికి వెళ్లకండి.

సమస్య: పేరు వేసినా, తీసినవారు ఫిర్యాదు చేశారు

వివరణలో 'క్లిప్‌లు ఇంటర్నెట్ సౌజన్యంతో' అనో, వీడియో చివర ఒక పేరు మాత్రమో వేస్తే అది క్రియేటివ్ కామన్స్ కోరే గుర్తింపు కాదు. ఎవరు తీశారు, ఎక్కడినుంచి తీసుకున్నారు, ఏ లైసెన్సు, మీరేం మార్చారు అన్నవి కనిపించాలి. ఉదాహరణకు:

```
క్లిప్: "వానలో వంతెన", తీసినవారు: (పేరు)
మూలం: (క్లిప్ పేజీ లింకు)
లైసెన్సు: CC BY 4.0
https://creativecommons.org/licenses/by/4.0/
మార్పు: నిడివి తగ్గించి, రంగులు సరిచేశాం
```

దీన్ని వీడియో వివరణలో పెట్టవచ్చు. అయితే వివరణ లేని చోటికి, అంటే హాల్లో ప్రదర్శనకో టీవీకో వీడియో వెళితే తెర మీదే వేయాలి. పేరు వేయడం మరిచినా దిద్దుకునే వీలుంది: 4.0 లైసెన్సుల్లో, తప్పు మీ దృష్టికి వచ్చిన 30 రోజుల్లో సరిచేస్తే హక్కు తిరిగి దానంతటదే వస్తుంది.

లైసెన్సులో `ND` ఉంటే మాత్రం పేరు వేసినా గట్టెక్కలేరు, ఎందుకంటే మార్చిన రూపాన్ని పంచుకోవడానికి అది ఒప్పుకోదు. `SA` ఉంటే, ఆ క్లిప్‌ను మలచి మీరు చేసిన రచననూ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. పని చేయించుకున్న కంపెనీ దీనికి ఒప్పుకోదు. అందుకే ఇతరుల కోసం చేసే వీడియోల్లో పేరు వేస్తే చాలనే `BY`, ఏ షరతూ పెట్టని `CC0` తప్ప మిగతావాటిని వదిలేయడం మేలు. `CC0` కూడా కాపీరైట్‌నే వదులుతుంది, దృశ్యంలో ఉన్న మనిషి అనుమతిని తెచ్చిపెట్టదు. ఉచిత సైట్లలో 'పేరు వేయనక్కర్లేదు' అని ఉన్న క్లిప్‌లకూ ఇదే వర్తిస్తుంది.

సమస్య: లైసెన్సు ఉన్నా యూట్యూబ్‌లో క్లెయిమ్ వచ్చింది

ముందు అది క్లెయిమా, ఛానెల్‌కే శిక్షగా పడే స్ట్రైకా చూడండి. హక్కుదారుల బొమ్మ, శబ్దాలతో వీడియోలను పోల్చి చూసే యూట్యూబ్ యంత్రమే కంటెంట్ ఐడీ. దాని క్లెయిమ్ వల్ల ఛానెల్‌కు శిక్ష పడదు, ఆ వీడియో ఆదాయం అవతలివారికి పోవచ్చు లేదా వీడియో కొన్ని చోట్ల కనబడకపోవచ్చు. తర్వాత క్లెయిమ్ బొమ్మ మీదా, శబ్దం మీదా అన్నది చూడండి. వీధిలో తీసిన క్లిప్‌లో వెనక ఎక్కడో మోగుతున్న పాటను యంత్రం పట్టుకుని ఉంటే, మీ లైసెన్సు ఆ పాటను కాపాడదు. ఆ శబ్దాన్ని తీసేసి వేరేది పెట్టుకోండి. బొమ్మ మీదే అయితే రసీదు, క్లిప్ సంఖ్య, లైసెన్సు పేజీ ప్రతి చూపించి అభ్యంతరం చెప్పండి. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు ఉంటాయి. ఆధారం లేకుండా మాత్రం అభ్యంతరం వేయవద్దు, వారు తొలగింపు కోరితే క్లెయిమ్ కాస్తా స్ట్రైక్ అవుతుంది.

ఆ లైసెన్సు పేజీని క్లిప్ దించుకున్న రోజే పీడీఎఫ్‌గా దాచుకోవాలి. తర్వాత వెతికితే అదే మాట దొరుకుతుందన్న హామీ లేదు: ఉచిత క్లిప్‌ల సైట్ పిక్సాబే 2019 జనవరి వరకు `CC0` కింద ఇచ్చి, ఆపై సొంత లైసెన్సుకు మారింది.