తక్కువ సరుకు, తక్కువ గడువు కోరుతూ సరఫరాదారుకు లేఖ రాయడం ఎలా?

గుంటూరులో చిన్న బట్టల దుకాణం నడిపే ఒకరు పెడన నుంచి కలంకారీ డ్రెస్ మెటీరియల్ తెప్పిస్తున్నారని అనుకుందాం. అద్దకందారు డిజైనుకు కనీసం 600 మీటర్లు తీసుకోవాలని, సరుకు పంపడానికి 45 రోజులు పడుతుందని చెబుతున్నారు. దుకాణంలో ఒక డిజైను వారానికి 40 మీటర్లకు మించి కదలడం లేదు కనుక, ఒక్క ఆర్డరు తరగడానికే 15 వారాలు పడుతుంది.

లేఖ మొదలుపెట్టే ముందు, ఆ షరతు ఎక్కడి నుంచి వచ్చిందో ఫోన్‌లో అడిగి తెలుసుకోవాలి. బట్టను కరక్కాయ నీటిలో ముంచి, ఆరబెట్టి, చెక్క అచ్చులతో అద్ది, ఉతికి, రంగు తేలేలా ఉడకబెట్టే ఈ పనిలో, గుడ్డ కొంచెమైనా ఎక్కువైనా కాగు వెలిగించడానికయ్యే శ్రమ, కట్టెల ఖర్చు పెద్దగా మారవు. అందువల్ల మొత్తం మీటర్లు తగ్గించమంటే ఆయనకు నష్టం. అదే ఎరుపు, నలుపు రంగుల్లో, అచ్చులు ఇప్పటికే ఉన్న మూడు డిజైన్లను 200 మీటర్ల చొప్పున అడిగితే కాగులో పడే గుడ్డ 600 మీటర్లే ఉంటుంది.

గడువు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలి. ఎండలో ఆరే రోజులను ఎవరూ కుదించలేరు. తొందరపెడితే రంగు సరిగా నిలవదు. తగ్గించగలిగింది గుడ్డ కొని తెప్పించే సమయం. కాబట్టి గుడ్డ ఖర్చు ముందే ఇస్తామని రాయాలి.

లేఖలోని ప్రధాన భాగం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన అద్దకందారు గారికి నమస్కారం. ఇకపై 600 మీటర్ల ఆర్డరును ఒకే రంగుల్లోని మూడు డిజైన్లుగా, ఒక్కొక్కటి 200 మీటర్ల చొప్పున ఇవ్వడానికి అనుమతించమని కోరుతున్నాను. గుడ్డ ఖర్చు ఆర్డరుతోనే చెల్లిస్తాను. మిగిలినది సరుకు అందిన వారంలో ఇస్తాను. అందుకు ప్రతిగా, వర్షాకాలం మినహా, మళ్లీ ఇచ్చే ఆర్డర్లను 30 రోజుల్లో పంపగలరా? అచ్చులు మార్చే శ్రమకు మీటరుకు 4 రూపాయలు అదనంగా ఇవ్వడానికి సిద్ధం. ముందుగా రెండు ఆర్డర్లకు ఇలా చేసి చూద్దాం."

ఆ 4 రూపాయలు ఊరికే రాసినవి కావు. 600 మీటర్లకు అదనపు ఖర్చు 2,400 రూపాయలు. పాత పద్ధతిలో 100 మీటర్లు మిగిలి, వాటిని కొన్న ధరకన్నా మీటరుకు 40 రూపాయలు తగ్గించి అమ్మితే పోయేది 4,000. మీ దుకాణం లెక్క దీనికి భిన్నంగా ఉంటే ఆ అంకె మార్చాలి. నష్టం అదనపు ఖర్చుకన్నా తక్కువైతే ఆ మాటే ఎత్తకూడదు.

లేఖలో ప్రతిఫలంగా "సరుకు అందిన 45 రోజుల్లో డబ్బు ఇస్తాం" అనడం మాత్రం పెద్ద వరమేమీ కాదు. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు.

లేఖ పంపిన వారంలో ఫోన్ చేయాలి. ఆయన మీటర్లకు ఒప్పుకుని గడువుకు ఒప్పుకోకపోతే ఆ ఒక్కటే రాతలో తీసుకుని, గడువు సంగతి రెండో ఆర్డరు సరుకు చేరాక ఎత్తవచ్చు.