టెక్నికల్ రౌండ్లన్నీ అయ్యాక తిరస్కరణ: ఫీడ్‌బ్యాక్ అడిగిన మెయిల్ ఎందుకు పనిచేయదు, ఎలా సరిచేయాలి

నాలుగైదు టెక్నికల్ రౌండ్లు పూర్తిచేశాక, "ఈసారి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నాం" అంటూ రెండు వాక్యాల మెయిల్ వస్తుంది. ఎక్కడ తగ్గిందో తెలిస్తే తర్వాతి ఇంటర్వ్యూకైనా పనికొస్తుందని ఫీడ్‌బ్యాక్ అడుగుతూ మీరు మెయిల్ రాస్తారు. దానికి జవాబు రాదు, లేదా వచ్చినా అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చెప్పే ఉద్దేశం కంపెనీకి లేదని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుని అలాంటి మెయిళ్లు చదివిన అనుభవంతో చెబుతున్నాను. వాటిలో చాలా వాటికి జవాబు ఇవ్వవచ్చు. కానీ అడిగిన తీరు వల్ల ఇవ్వలేకపోతారు.

ముందుగా అవతల ఏం జరుగుతుందో తెలియాలి. ప్రతి రౌండు తర్వాత ఇంటర్వ్యూ చేసినవారు నియామకాల సాఫ్ట్‌వేర్‌లో తమ నోట్స్ రాసి, ఎంపిక చేయాలో వద్దో తమ అభిప్రాయం నమోదు చేస్తారు. తర్వాత హైరింగ్ మేనేజర్‌తో కలిసి చర్చించి నిర్ణయిస్తారు. మీ మెయిల్ చదివే రిక్రూటర్‌కు సాధారణంగా ఆ చర్చ సారాంశం మాత్రమే తెలుస్తుంది. అది రెండు మూడు వాక్యాలు ఉంటుంది. ఆ వాక్యాల్లోంచి తీసి చెప్పగలిగేంత చిన్న ప్రశ్నకే జవాబు వస్తుంది.

లక్షణం: అసలు జవాబే రాలేదు

ముందు మెయిల్ ఏ చిరునామాకు వెళ్లిందో చూడండి. తిరస్కరణ మెయిళ్లు తరచుగా `no-reply` అని మొదలయ్యే చిరునామా నుంచి వస్తాయి. దానికి రాసిన జవాబును ఎవరూ చదవరు. ఇంటర్వ్యూ తేదీలు కుదిర్చిన రిక్రూటర్‌తో మీకు జరిగిన పాత మెయిల్ సంభాషణ తెరిచి, అందులోనే జవాబుగా రాయండి. మీరెవరో, ఏ ఉద్యోగమో మళ్లీ వెతుక్కోవలసిన పని వారికి ఉండదు.

ఇంటర్వ్యూ చేసిన ఇంజినీరును వెతికి నేరుగా సందేశం పంపడం దీనికి పరిష్కారం కాదు. ఫలితం గురించి అభ్యర్థులతో మాట్లాడవద్దని చాలా కంపెనీలు తమ ఇంజినీర్లకు ముందే చెబుతాయి. మీరు అడిగితే వారు ఇబ్బందిపడి, సందేశాన్ని రిక్రూటర్‌కే పంపిస్తారు.

రెండో కారణం ఆలస్యం. తిరస్కరణ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో రాస్తే చర్చ ఇంకా గుర్తుంటుంది. నెల తర్వాత రాస్తే రిక్రూటర్ మరో పది ఉద్యోగాల పనిలో మునిగి ఉంటారు. వారం గడిచినా జవాబు రాకపోతే ఒక్కసారి, ఒక్క వాక్యంలో గుర్తుచేయండి. ఆ తర్వాత కూడా రాకపోతే ఆపేయాలి.

లక్షణం: జవాబు వచ్చింది, కానీ అచ్చు పోసినట్టుంది

"మీ సమయానికి ధన్యవాదాలు, మరింత తగిన అభ్యర్థిని ఎంచుకున్నాం." అందరికీ వెళ్లే ఈ జవాబు మీకూ వచ్చిందంటే, చాలా మెయిళ్లలో ఉండే ప్రశ్నే మీరూ అడిగి ఉంటారని నా అనుమానం. "నన్ను ఎందుకు ఎంపిక చేయలేదో వివరంగా చెప్పగలరా?"

మర్యాదగానే ఉన్నా, ఈ ప్రశ్న కంపెనీ నిర్ణయాన్ని సమర్థించుకోమని అడుగుతోంది. రాతలో ఇచ్చిన కారణం రేపు ఫిర్యాదుకో, వివాదానికో ఆధారం కావచ్చన్న భయంతో చాలా కంపెనీలు రిక్రూటర్లను జాగ్రత్తగా ఉండమంటాయి. పైగా "వివరంగా" అన్నప్పుడు నాలుగు రౌండ్ల నోట్స్ తిరగేసి, రాసి, మరొకరికి చూపించి పంపాలి. ఆ పనికి అరగంట పడుతుంది. సిద్ధంగా ఉన్న వాక్యాలు పంపడానికి అర నిమిషం చాలు.

పరిష్కారం ఏమిటంటే, ప్రశ్నను వారి నిర్ణయం మీద నుంచి మీ పని మీదికి మార్చాలి. ఒక రౌండును, అందులో ఒక సందర్భాన్ని పట్టుకోవాలి. ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం.

ఒక అభ్యర్థి సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగానికి రెండు కోడింగ్ రౌండ్లు, ఒక సిస్టమ్ డిజైన్ రౌండు, హైరింగ్ మేనేజర్‌తో ఒక రౌండు పూర్తిచేశారు అనుకుందాం. డిజైన్ రౌండులో నోటిఫికేషన్లు పంపే సర్వీసును రూపొందించమన్నారు. క్యూ, విఫలమైతే మళ్లీ పంపే పద్ధతి అభ్యర్థి ముందే చెప్పారు. సందేశం పంపిన వెంటనే సర్వర్ ఆగిపోతే అదే సందేశం రెండోసారి వెళ్తుంది కదా అని ఇంటర్వ్యూ చేసినవారు అడిగాక, ప్రతి సందేశానికి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అందుకునే వైపు దాన్ని సరిచూసి, రెండోసారి వచ్చినదాన్ని వదిలేయాలని వివరించారు. మెయిల్ ఇలా రాయవచ్చు:

> విషయం: సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్ ఇంటర్వ్యూ – డిజైన్ రౌండు గురించి ఒక ప్రశ్న
>
> నమస్కారం ______ గారూ,
>
> నిర్ణయాన్ని వెంటనే తెలియజేసినందుకు, నాలుగు రౌండ్లనూ నా వీలు చూసి కుదిర్చినందుకు ధన్యవాదాలు. నిర్ణయాన్ని మార్చమని కోరడానికి రాయడం లేదు. తర్వాతి ఇంటర్వ్యూలకు సిద్ధం కావడానికి ఒక్క విషయం తెలుసుకోవాలనుకుంటున్నాను.
>
> డిజైన్ రౌండులో, ఒకే నోటిఫికేషన్ రెండుసార్లు చేరకుండా ఆపే పద్ధతిని ఇంటర్వ్యూ చేసినవారు అడిగిన తర్వాతే వివరించాను. ఆ రౌండులో తగ్గినట్టు అనిపించింది సాంకేతికంగా లోతా, లేక చర్చను నేనే ముందుకు నడిపించకపోవడమా? ఇవేవీ కాక మరో రౌండు ముఖ్య కారణమైతే, అది ఏ రౌండో చెప్పినా నాకు ఉపయోగమే.
>
> ఒక వాక్యం చాలు. ఫోనులో చెప్పడం సులభమైతే మీకు వీలైన సమయంలో ఐదు నిమిషాలు మాట్లాడగలను. కంపెనీ నియమాల వల్ల కుదరకపోతే ఫరవాలేదు. మళ్లీ ఎంతకాలం తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చో మాత్రం తెలియజేయగలరు.

ఇందులో అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసింది ఆ రెండు వికల్పాల ప్రశ్న. "నాకు లోతు తగ్గిందా?" అని ఒకే వికల్పం ఇస్తే, అవునని చెప్పడం రిక్రూటర్‌కు తేలిక. మీ మాటే మీకు తిరిగి వస్తుంది, దాన్ని ఫీడ్‌బ్యాక్ అనుకుని మూడు నెలలు తప్పు విషయం చదువుతారు. అందుకే రెండు వికల్పాలు వేరువేరు స్వభావాలవి కావాలి. ఇక్కడ ఒకటి తెలిసినదాని గురించి, రెండోది నడుచుకున్న తీరు గురించి. ఆపైన "ఇవేవీ కాక" అన్న మూడో దారి తెరిచి ఉంచాలి. జవాబులో మీరు ఇవ్వని మాట ఒక్కటి వచ్చినా అది నోట్స్‌లోంచి వచ్చిందని ఎక్కువగా నమ్మవచ్చు.

ఒక లోపాన్ని మీరే ఎత్తిచూపడం నష్టమేమో అని కొందరు వెనకాడతారు. ఆ సందర్భం ఇప్పటికే వారి నోట్స్‌లో ఉంటుంది, నిర్ణయమూ అయిపోయింది. కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు. అయితే ఒక్క సందర్భంతో ఆపండి. నాలుగు లోపాలు వరుసగా రాస్తే రిక్రూటర్ వాటిలో ఒకదానికి తలూపి ముగిస్తారు.

ఫోను ప్రస్తావన, మళ్లీ దరఖాస్తు చేసుకునే గడువు, ఈ రెండూ ఊరికే పెట్టినవి కావు. రాతలో చెప్పలేనిది మాటల్లో చెప్పే రిక్రూటర్లు చాలామంది ఉన్నారు. గడువు సంగతి సాధారణంగా ఎవరైనా చెప్పగలిగే విషయం. ఆరు నెలలు, ఏడాది అని కంపెనీలే ముందుగా నిర్ణయించుకుని ఉంటాయి. చెప్పగలిగే ప్రశ్న ఒకటి ఉంటే జవాబు రాయడం మొదలవుతుంది. మొదలయ్యాక రెండో ప్రశ్నకూ ఒక మాట దొరుకుతుంది.

లక్షణం: "ఇంకా లోతు కావాలి" అన్నారు, దాంతో ఏం చేయాలో తెలియదు

ఇది చర్చ సారాంశంలోని మాట. నిజమే అయినా కుదించినది. లోతు అంటే అంచనాలకు లెక్కలు వేయకపోవడం కావచ్చు, ఏది విఫలమైతే ఏమవుతుందో చెప్పకపోవడం కావచ్చు, ఎంచుకున్న పద్ధతిని మరోదానితో పోల్చకపోవడం కావచ్చు. ధన్యవాదాలు చెప్పి, ఈ మూడింటిలో ఏది దగ్గరగా ఉందో ఒక్కసారి అడగండి. సీనియర్ ఉద్యోగమైతే, "ఈ స్థాయికి సరిపోలేదా, లేక కింది స్థాయికీ ఇదే అభిప్రాయమా?" అన్నది అంతకంటే మంచి ప్రశ్న. చాలా తిరస్కరణలు స్థాయికి సంబంధించినవి, ఆ విషయం చెప్పడానికి రిక్రూటర్లు అంతగా వెనకాడరు. ఇక్కడితో ఆగాలి. మూడో మెయిల్ వద్దు.

లక్షణం: చక్కగా మాట్లాడుతున్నవారు ఒక్కసారిగా మౌనమయ్యారు

మీ చివరి మెయిల్‌లో "కానీ", "కదా" ఎక్కడున్నాయో వెతకండి. "కోడింగ్ రౌండులో నా పరిష్కారం టెస్టులన్నీ దాటింది కదా" అన్న వాక్యం మీకు సమాచారం, చదివేవారికి వాదన. వాదన మొదలైందనిపిస్తే రిక్రూటర్ వెనక్కి తగ్గుతారు. ఫీడ్‌బ్యాక్ అన్యాయంగా అనిపించినా జవాబు ధన్యవాదాలతో ముగించండి. కోపంగా ఉంటే మర్నాడు రాయండి.

పరిష్కారం లేని సందర్భాలు

నియామకం నిలిపివేయడం, కంపెనీలోనే ఉన్న వ్యక్తికి ఇవ్వడం, ఇద్దరూ సరిపోయినా ఒకే ఖాళీ ఉండటం. ఇలాంటప్పుడు మీ పని గురించి చెప్పడానికి వారి దగ్గర ఏమీ ఉండదు. చివరి రౌండు బాగా జరిగి, తర్వాత వారాల తరబడి చడీచప్పుడు లేకుండా తిరస్కరణ వస్తే ఈ అనుమానం పెట్టుకోవచ్చు. అప్పుడు రౌండ్ల గురించి కాకుండా "ఆ ఉద్యోగ ఖాళీ ఇంకా ఉందా?" అని అడగండి.

ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ నిబంధనల ప్రకారం, మీ గురించి కంపెనీ దాచుకున్న వ్యక్తిగత సమాచారం కాపీ కోరే హక్కు ఉంది. సాధారణ గడువు ఒక నెల. కొన్ని మినహాయింపులున్నా, ఇంటర్వ్యూ నోట్స్‌ను కూడా ఈ దారిలో కోరవచ్చు. అయితే ఆ అభ్యర్థన న్యాయ విభాగానికి వెళ్తుంది, మర్యాదగా సాగే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. మళ్లీ దరఖాస్తు చేయాలనుకునే కంపెనీ విషయంలో నేనైతే దీన్ని మొదటి ప్రయత్నంగా సూచించను.

జవాబు వచ్చాక

పై ఉదాహరణలో రిక్రూటర్ ఫోను చేసి, "సాంకేతికంగా అంతా బాగుంది, అడిగితే తప్ప ముందుకు వెళ్లలేదని రాశారు. ఈ స్థాయికి అది ముఖ్యం. ఆరు నెలల తర్వాత ప్రయత్నించండి" అన్నారనుకోండి. ఇది ఒక రౌండులో ఒకరి అభిప్రాయం. నిజమో కాదో ఆ రోజు మీకు గుర్తున్నదానితో సరిచూడండి. చర్చ మలుపు తిరిగిన ప్రతిచోటా కొత్త విషయాన్ని మొదట ఎవరు ఎత్తారో కాగితం మీద రాయండి. సర్వర్ ఆగిపోవడం, సందేశాలు ఒక్కసారిగా పెరగడం, వినియోగదారుడు నోటిఫికేషన్లు వద్దనడం, ఇవన్నీ అవతలివారే ఎత్తి ఉంటే ఫీడ్‌బ్యాక్ సరైనదే. తర్వాతి సాధనలో డిజైన్ బొమ్మ గీయడం పూర్తవగానే, ఎవరూ అడగకముందే, "ఇందులో ఏది ముందుగా విఫలమవుతుందో చూద్దాం" అని మీరే మొదలుపెట్టండి. ఆరు నెలల తర్వాత దరఖాస్తు చేసేటప్పుడు అదే పాత మెయిల్ సంభాషణలో రిక్రూటర్‌కు రాయండి.