ఇద్దరిని కలిపేటప్పుడు ముందు ఎవరి పేరు?

మొన్న మిర్యాలగూడ పెండ్లిలో మా పెద్దనాయనకు నా దోస్తును పరిచయం చేసిన. ఇలాంటప్పుడు ముందు పెద్దవాళ్లనే పిలవాలి, చిన్నవాళ్లను వాళ్లకు చెప్పాలి.

"పెద్దనాయనా, ఇతను నా దోస్తు శీను. దేవరకొండ దగ్గర వీళ్లకు బత్తాయి తోట ఉంది."

తర్వాత శీను వైపు తిరిగి, "మా పెద్దనాయన. 30 ఏండ్ల సంది బత్తాయే పెడుతున్నరు" అన్న.

ఇగ పిందె రాలుడు గురించి ఇద్దరూ బువ్వలు చల్లారేదాకా మాట్లాడుకున్నరు. "హైదరాబాద్‌ల జాబ్ చేస్తడు" అంటే "మంచిది బిడ్డా" అని అక్కడికే ఆగేది. ఇద్దరికీ కలిసే ముచ్చట ఒక్కటి చాలు, రెండోది వద్దు. పెండ్లి కాలేదనో, ఉద్యోగం పోయిందనో అసలే చెప్పొద్దు. అది చెప్పుకోవాలో లేదో వాళ్ల ఇష్టం.

ఇద్దరూ ఒక ఈడువాళ్లే అయితే, నేను ఇంటికొచ్చిన చుట్టాన్నే ముందు పిలుస్త.